ముగింపు మళ్లీ చెప్పిందా, ముడిపెట్టి చెప్పిందా: ఒక ఫ్లోరైడ్ వ్యాసం మీద కేస్ స్టడీ

నల్లగొండలో గ్రూప్-1 మెయిన్స్‌కు తయారయ్యే అభ్యర్థుల వ్యాసాలు దిద్దడం నా పని. జనరల్ ఎస్సే పేపరుకు 150 మార్కులు. మూడు విభాగాల నుంచి ఒక్కొక్కటి చొప్పున మూడు వ్యాసాలు రాయాలి. ఒక్కో వ్యాసానికి 50 మార్కులు, నిడివి వెయ్యి పదాల వరకు, మొత్తం సమయం మూడు గంటలు. దిద్దేటప్పుడు నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టేది చివరి పేరా. నడిమి భాగంలో తప్పు దొర్లితే అది తప్పని ఎవరికైనా చూపించవచ్చు. ముగింపు విషయంలో అది అంత తేలిక కాదు, ఎందుకంటే అందులోని ప్రతి వాక్యమూ నిజమే అయి ఉంటుంది, భాష కూడా బాగానే ఉంటుంది, అయినా చదవడం పూర్తయ్యాక చేతికి ఏమీ మిగలదు. అది ఉపోద్ఘాతాన్నే మళ్లీ చెప్పిందా, లేక నడుమ చెప్పిన విషయాలను ఒకదానితో ఒకటి ముడిపెట్టి, విడివిడిగా వాటిలో ఏ ఒక్కటీ చెప్పలేని మాటను చెప్పిందా అన్నది తేల్చడానికి నేను కొన్ని పరీక్షలు వాడతాను. వాటిని ఒకే అభ్యర్థి ఒకే వ్యాసానికి మూడుసార్లు రాసిన ముగింపుల మీద ఎలా వాడానో, ఎక్కడ నేనే పొరబడ్డానో ఇక్కడ రాస్తున్నాను.

అభ్యర్థి మర్రిగూడ వైపు నుంచి వచ్చిన అమ్మాయి. మాక్ టెస్టులో ఇచ్చిన అంశం “ఫ్లోరైడ్ సమస్య: నల్లగొండ అనుభవం నేర్పేదేమిటి?”. ఆమె ఉపోద్ఘాతంలో ఐదు వాక్యాలున్నాయి.

“నల్లగొండ పేరు చెప్పగానే గుర్తుకొచ్చేది ఫ్లోరైడ్. పల్లెలో బిందె పట్టుకొని బోరింగు దగ్గర నిలబడిన మనిషి తాగేది నీరా, విషమా అన్న ప్రశ్న దశాబ్దాలుగా వినిపిస్తోంది. భూగర్భ నీటిలో ఫ్లోరైడ్ పరిమితికి మించి ఉండటం వల్ల పళ్లు గార పట్టడం మొదలుకొని ఎముకలు వంగిపోవడం వరకు ప్రజలు ఎన్నో బాధలు పడ్డారు. శాస్త్రవేత్తలు పరిష్కారం కనుగొన్నా సమస్య పూర్తిగా తీరలేదు. ప్రతి పౌరుడికీ రక్షిత మంచినీరు అందించడం ప్రభుత్వ బాధ్యత.”

నడిమి భాగం నాలుగు ఖండికలుగా ఉంది, నా దృష్టిలో చాలా బాగుంది. ముగింపు దేని మీద ఆధారపడవలసి ఉందో తెలియకుండా దాన్ని అంచనా వేయలేం కాబట్టి ఆ నాలుగింటిలో ఏముందో చెప్పాలి. మొదటి ఖండిక రాతి గురించి. ఇక్కడి గ్రానైట్‌లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది, క్షారగుణం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్న నీటిలో అది ఎక్కువగా కరుగుతుంది, బోర్లు లోతుకు పోయిన కొద్దీ చాలాచోట్ల రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీరే పైకి వస్తుంది అని రాసింది. రెండో ఖండిక ఆరోగ్యం గురించి. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యమనీ, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారనీ చెప్పి, ఫ్లోరైడ్‌ను రంగు చూసీ రుచి చూసీ కనిపెట్టలేమనీ, ఎముకల్లో నష్టం ఏళ్ల తర్వాత బయటపడుతుందనీ, ఒకసారి వంగిన ఎముక తిరిగి నిటారు కాదనీ వివరించింది. మూడో ఖండిక మన జిల్లా పేరునే పెట్టుకున్న నల్లగొండ టెక్నిక్ గురించి. జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ, అంటే నీరి, రూపొందించిన ఈ పద్ధతిలో నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, కలియబెట్టి, తేరుకోనిచ్చి, పైనీటిని వడకట్టుకుంటారు. ఫ్లోరైడ్ మోతాదును, నీటి క్షారతను బట్టి పటిక మోతాదు మారుతుంది, ప్రతిసారీ అడుగున మిగిలే బురదను ఎక్కడో పారబోయాలి, ఈ పని రోజూ చేయాలి, అందుకే ఇళ్లలో అది నిలబడలేదు అని రాసింది. నాలుగో ఖండిక నల్లా నీటి గురించి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ, పైపుల్లో వచ్చే కృష్ణా నీరు, పైపు పగిలినా మోటారు చెడిపోయినా ఊరు మళ్లీ బోరు దగ్గరికే వెళ్లడం ఇందులో ఉన్నాయి.

ఇంత సరుకు ఉన్న వ్యాసానికి ఆమె మొదట రాసిన ముగింపు ఇది.

“ఏది ఏమైనప్పటికీ, ఫ్లోరోసిస్ నల్లగొండకు శాపంగా పరిణమించింది. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మోతాదు అధికంగా ఉన్నందున ఎంతోమంది దంత, అస్థి సంబంధ వ్యాధులకు గురయ్యారు. విజ్ఞానశాస్త్రం మార్గం చూపినప్పటికీ ఆశించిన ఫలితం దక్కలేదు. కావున సురక్షిత తాగునీటిని ప్రజలందరికీ చేర్చడం పాలకుల కర్తవ్యం. అందుకు అందరూ చిత్తశుద్ధితో కృషి చేయాలి.”

వ్యాసం మొదటి నుంచి చదువుకుంటూ ఇక్కడికి వస్తే ఈ పేరా చెడ్డగా అనిపించదు. అందుకే నేను ముగింపును వ్యాసం మొత్తం చదివిన వెంటనే అంచనా వేయను. నడిమి భాగం మీద తెల్లకాగితం కప్పి, ఉపోద్ఘాతాన్ని, ముగింపును మాత్రమే పక్కపక్కన పెట్టుకొని, ముగింపులోని ప్రతి వాక్యానికీ ఉపోద్ఘాతంలో దాని జంట ఉందేమో వెతుకుతాను. దొరికితే పెన్సిలుతో గీత గీసి రెంటినీ కలుపుతాను. ఈ పేరాలో మొదటి వాక్యం ఉపోద్ఘాతం మొదటి వాక్యంతో కలిసింది. రెండోది మూడోదానితో, మూడోది నాలుగోదానితో, నాలుగోది ఐదోదానితో కలిశాయి. చివరి వాక్యానికి జంట లేదు. అయితే ఆ వాక్యాన్ని ప్లాస్టిక్ నిషేధం మీద వ్యాసం చివర పెట్టినా, ఓటరు చైతన్యం మీద వ్యాసం చివర పెట్టినా సరిపోతుంది కాబట్టి అది ఈ వ్యాసానికి చెందిన వాక్యమే కాదు.

తెలుగులో ఈ జంటలు కంటికి చటుక్కున ఆనవు. మనకు చాలా మాటలకు అచ్చతెలుగు రూపం ఒకటి, సంస్కృత రూపం ఒకటి ఉంటాయి. ఉపోద్ఘాతంలో నీరు అన్నది ముగింపులో జలం అయింది. పళ్లు దంతాలయ్యాయి, ఎముకలు అస్థులయ్యాయి, సంస్కృత మాటల్లోనే ప్రభుత్వం పాలకులుగా, బాధ్యత కర్తవ్యంగా మారాయి. చెవికి కొత్తగా, కొంత గంభీరంగా కూడా వినిపిస్తుంది, పైగా ముగింపు అంటే గంభీరంగా ఉండాలన్న అభిప్రాయం మన విద్యార్థుల్లో బలంగా ఉంది. అందుకని నేను ముగింపును ముందుగా నిత్యం మాట్లాడుకునే మాటల్లోకి దించుకుంటాను. “నల్లగొండకు ఫ్లోరైడ్ కష్టం వచ్చింది, బోరు నీళ్లతో పళ్లు, ఎముకలు పాడైనయి, సైన్సు దారి చూపినా లాభం కాలే, మంచి నీళ్లు ఇయ్యాల్సింది సర్కారు.” ఇలా దించాక దాన్ని ఉపోద్ఘాతం పక్కన పెడితే ఇక వాదించడానికి ఏమీ ఉండదు.

ఆ అమ్మాయిని పిలిచి రెండు పేరాలూ చూపించినప్పుడు కాసేపు చూసి, “అన్న మాటే అన్ననా సార్? ఒక్క పదం కూడా రిపీట్ కాకుండ చూసుకున్న గదా” అంది. “మాటలు మారినయమ్మా, ముచ్చట మారలే” అన్నాను. పదం తిరిగి రావడాన్నే పునరుక్తి అనుకోవడం వల్ల ఆమె శ్రమ అంతా పర్యాయపదాలు వెతకడానికి పోయింది.

ఇంకో విషయం, ఆ పేరా మొదటి మాట గురించి. “ఏది ఏమైనప్పటికీ” అన్న మాటతో మొదలయ్యే ముగింపులు నేను దిద్దే కాగితాల్లో కుప్పలుగా కనిపిస్తాయి. ఆ మాటకు అర్థం, ఇంతవరకు చెప్పినది ఏదైనా కానివ్వండి, దానితో సంబంధం లేకుండా నేను చెప్పబోయేది ఇది అని. నాలుగు ఖండికలు కష్టపడి రాసి, చివర ఆ నాలుగింటినీ తానే పక్కకు నెట్టేసినట్టు అవుతుంది. ఇది కేవలం అలవాటు మాట కావచ్చు గానీ, ఈ మాట ఉన్న పేరాలో నడిమి భాగంతో సంబంధం ఉన్న వాక్యం నాకు అరుదుగా దొరుకుతుంది. “ఈ విధంగా” అన్న మాట కొంత నయం, కనీసం వెనక్కి చూడమంటుంది.

తర్వాత నేను చేసేది తొలగింపు పరీక్ష. అన్నింటికంటే నమ్మదగినది ఇదే. నడిమి భాగంలోని ఖండికలను ఒక్కొక్కటిగా తీసేసినట్టు భావించి, ప్రతిసారీ ముగింపు చెక్కుచెదరకుండా నిలబడుతుందా అని చూడాలి. మొదటి ఖండిక తీసేశాను, అంటే ఫ్లోరైడ్ రాతి నుంచి ఎలా వస్తుందో ఈ వ్యాసం చెప్పలేదు అనుకున్నాను. ముగింపులో ఏ వాక్యానికీ దెబ్బ తగల్లేదు. మూడోది తీసేశాను. “విజ్ఞానశాస్త్రం మార్గం చూపినప్పటికీ ఆశించిన ఫలితం దక్కలేదు” అన్న వాక్యం అలాగే నిలబడింది, ఎందుకంటే అది ఏ మార్గమో, ఫలితం ఎందుకు దక్కలేదో ఆ వాక్యానికి అక్కర్లేదు. నాలుగూ తీసేసినా ముగింపు అలాగే ఉంది. దేని మీదా ఆనుకోని గోడ పక్కనున్నది ఏది తీసినా కూలనట్టే, నడిమి భాగం మీద ఆధారపడని ముగింపు దేన్ని తీసినా కదలదు. ఈ పేరాకు నేను ముగింపు కోసం పెట్టుకున్న 6 మార్కుల్లో 1.5 వేశాను. ఈ 6 అన్నది నా సొంత విభజన. కమిషన్ ఇచ్చిన సిలబస్‌లో వ్యాసానికి 50 మార్కులని ఉంటుందే తప్ప, పేరాలవారీ లెక్క ఉండదు.

రెండో ముగింపు వారం తర్వాత వచ్చింది. నేను కొత్తదనం లేదన్నాను కాబట్టి ఆమె కొత్త విషయాలు తెచ్చింది.

“2010లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ సురక్షిత తాగునీటిని మానవ హక్కుగా గుర్తించింది. మన రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో స్వచ్ఛమైన నీరు పొందే హక్కు కూడా అంతర్భాగమని న్యాయస్థానాలు చెప్పాయి. నల్లగొండ ప్రజలకు ఈ హక్కు దశాబ్దాల పాటు అందలేదు. ఇకనైనా అది సంపూర్ణంగా దక్కినప్పుడే స్వాతంత్ర్య ఫలాలు వారికి చేరినట్టు.”

నాతో పాటు దిద్దే మరో మాస్టారు దీనికి 5 వేశారు. నేను 2 వేశాను. మా ఇద్దరి మధ్య ఇంత తేడా రావడం అరుదు కాబట్టి కూర్చొని మాట్లాడుకున్నాం. ఆయన వాదన తీసిపారేసేది కాదు. ఇందులో పునరుక్తి లేదు, చెప్పినవి నిజాలు, చెప్పిన తీరు హుందాగా ఉంది, పరీక్షకుడు ఇలాంటి పేరా చూస్తే అభ్యర్థికి రాజ్యాంగం తెలుసని గుర్తిస్తాడు అన్నారు. జంటల పరీక్ష ప్రకారం ఆయన చెప్పింది సరైనదే, గీతలు దాదాపు ఏవీ కలవలేదు. తొలగింపు పరీక్ష మాత్రం వేరే మాట చెప్పింది. నాలుగు ఖండికలు తీసేసినా ఈ పేరా కూడా కదల్లేదు. నేను దాన్ని ఆ తర్వాత స్థానం మార్చి చూశాను, అంటే ఉపోద్ఘాతాన్ని కొట్టేసి, ఈ ముగింపును వ్యాసం మొదట్లో పెట్టి చదివాను. అది అక్కడ ఇంకా బాగుంది. 2010లో ఒక హక్కును గుర్తించారు, మన రాజ్యాంగంలోనూ అది ఉంది, నల్లగొండకు మాత్రం అందలేదు, ఎందుకు అందలేదో చూద్దాం అంటూ వ్యాసాన్ని చక్కగా తెరుస్తుంది. వ్యాసాన్ని తెరవడానికి అంత బాగా పనికొచ్చే పేరా ఆ వ్యాసం చదవకముందే రాయగలిగిన పేరా అన్నమాట.

ఈ కేసులో నాకు ముఖ్యమనిపించిన విషయం ఇదే. పునరుక్తికి వ్యతిరేకం కొత్తదనం అనుకుంటే రెండో ముగింపు పాసవుతుంది. ముగింపులో కావలసిన కొత్తదనం సరుకులో కాదు, సరుకుల మధ్య సంబంధంలో ఉండాలి. బయటి నుంచి తెచ్చిన అధికరణం, సూక్తి, గణాంకం నడిమి భాగంలో ఎక్కడా కనిపించకుండా చివర్లో హఠాత్తుగా వస్తే, అది నడుమ వాదించని విషయాన్ని చివర్లో అతికించినట్టే. హక్కుల కోణం ఆమెకు అంత అవసరమనిపిస్తే దానికి ఐదో ఖండిక రాసి, హక్కు ఉండటం వేరు, నీరు నల్లాలో రావడం వేరు అన్న సంగతిని అక్కడ పరిశీలించవలసింది. మాస్టారు చివరికి 3కు దిగారు. నేను 2 దగ్గరే ఉన్నాను. సగటున 2.5 వేశాం.

ఆమె ఎందుకు ఇలా రాస్తోందో చూడటానికి రాసే తీరును ఒకసారి పక్కన కూర్చొని గమనించాను. గంటలో వ్యాసం పూర్తి చేయాలి కాబట్టి ముగింపుకు నాలుగైదు నిమిషాలకు మించి దొరకవు. ఆ సమయంలో ఆమె చేసే మొదటి పని కాగితం వెనక్కి తిప్పి ఉపోద్ఘాతం చదువుకోవడం. వ్యాసం మొదలూ చివరా కలవాలని బడిలో ఎవరో చెప్పిన మాటను అలా పాటిస్తోంది. ఉపోద్ఘాతం చదివి రాస్తే ఉపోద్ఘాతమే వస్తుంది. అందుకని నేను చెప్పింది ఒక్కటే. ప్రతి ఖండిక రాయడం అవగానే దాని పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో “అయితే ఏంది?” అన్న ప్రశ్నకు నాలుగైదు మాటల్లో జవాబు రాసుకోవాలి. ముగింపు రాసేటప్పుడు ఉపోద్ఘాతం వైపు చూడకూడదు, ఆ నాలుగు జవాబుల వైపే చూడాలి, వాటిలో ఏ రెండు ఒకదాన్నొకటి గుచ్చుకుంటున్నాయో వెతకాలి. రాశాక పెన్సిలు చెరిపేయాలి.

ఆమె మార్జిన్‌లో రాసుకున్నవి నా దగ్గర ఉన్నాయి. రాతి ఖండిక పక్కన “లోతుకు పోతే ఇంకా కష్టం” అని ఉంది. ఆరోగ్యం పక్కన “కనబడేసరికి ఆలస్యం”. నల్లగొండ టెక్నిక్ పక్కన “రోజూ చేయాలె”. నల్లా పక్కన “ఆగితే బోరే”. రెండో జవాబునూ మూడో జవాబునూ పక్కపక్కన చదివితే ఏదో తగులుతుంది. నష్టం ఎప్పుడో కనబడుతుంది, శ్రమ మాత్రం ఇవాళే చేయాలి. నడిమి భాగంలో ఆమె ఈ రెండింటినీ వేర్వేరు ఖండికల్లో రాసింది గానీ కలిపి ఎక్కడా అనలేదు. మూడో ముగింపు అక్కడి నుంచి పుట్టింది.

“ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, అది చేసే నష్టం ఎముకల్లో ఏళ్ల తర్వాత బయటపడుతుంది, బయటపడ్డాక వెనక్కి పోదు. పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతి మాత్రం ప్రతి ఇంటి నుంచి ప్రతి రోజూ శ్రమను కోరింది. ఎప్పుడో కనబడే నష్టాన్ని ఆపడానికి ఇవాళ్టి శ్రమను అడిగిన చోటనే ఆ పద్ధతి ఆగిపోయింది తప్ప, దాని రసాయనశాస్త్రం తప్పి కాదు. కృష్ణా నీరు నల్లాలోకి వచ్చాక ఆ శ్రమ ఇంటి మీద నుంచి దిగిపోయింది. నల్లా రాని రోజున ఇల్లు మళ్లీ బోరు దగ్గరికే పోతుంది, ఆ బోరు ఇప్పుడు మునుపటి కంటే లోతైనది. అందుకే ఎన్ని ఇళ్లకు నల్లాలు బిగించారన్న లెక్క కంటే ఏడాదిలో ఎన్ని రోజులు నల్లా ఆగిందన్న లెక్క ఈ జిల్లాకు ముఖ్యం. బోరింగు దగ్గర బిందె పట్టుకొని నిలబడిన మనిషి అక్కడ నిలబడింది విషమని తెలియక కాదు, ఆ పూట నల్లా రాక.”

దీన్ని దిద్దేటప్పుడు నేను పొరబడ్డాను. చివరి వాక్యంలో బోరింగు, బిందె కనబడగానే ఉపోద్ఘాతం రెండో వాక్యంతో గీత కలిపి, “పునరుక్తి” అని మార్జిన్‌లో రాసి అర మార్కు తగ్గించాను. పదాలు కూడా అవే కాబట్టి అది పక్కా జంట అనిపించింది. మర్నాడు కాగితాలు సర్దుతుంటే ఆ రెండు వాక్యాలనూ మళ్లీ చదివాను. ఉపోద్ఘాతంలో ఆ మనిషి ముందున్నది తాగేది నీరా, విషమా అన్న ప్రశ్న, అంటే అక్కడ సమస్య తెలియకపోవడం. ముగింపులో అదే మనిషి, అదే బిందె, కానీ ఇప్పుడు సమస్య తెలియకపోవడం కాదు, ఆ పూటకు ఇంకో దారి లేకపోవడం. రూపం ఒకటే, దాని అర్థం నాలుగు ఖండికల ప్రయాణం తర్వాత మారిపోయింది. పర్యాయపదాల వెనక దాక్కున్న పునరుక్తిని మొదటి ముగింపులో పట్టుకున్న నేనే, ఇక్కడ పదాలు ఒకటే కావడం చూసి, పునరుక్తి కానిదాన్ని పునరుక్తి అనుకున్నాను. అర మార్కు తిరిగి కలిపాను. అప్పటి నుంచి జంట దొరికినప్పుడు గీత గీసి ఊరుకోకుండా, రెండోసారి వచ్చిన వాక్యాన్ని తీసుకెళ్లి మొదటిదాని స్థానంలో పెట్టి చూస్తున్నాను. “అక్కడ నిలబడింది విషమని తెలియక కాదు, ఆ పూట నల్లా రాక” అన్న వాక్యాన్ని ఈ వ్యాసం మొదట్లో పెడితే, పాఠకుడికి నల్లా సంగతి తెలియదు, బోరు నీటి సంగతి తెలియదు, వాక్యం గాలిలో వేలాడుతుంది. మొదట్లో పెట్టలేని వాక్యం మొదటిదాని నకలు కాదు.

తొలగింపు పరీక్షలో కూడా తేడా స్పష్టంగా కనబడింది. రెండో ఖండిక తీసేస్తే “ఎప్పుడో కనబడే నష్టం” అన్న మాటకు ఆధారం పోతుంది, దానితో మూడో వాక్యం మొత్తం కూలిపోతుంది. మూడో ఖండిక తీసేస్తే ఇవాళ్టి శ్రమ ఏమిటో అర్థం కాదు. నాలుగోది తీసేస్తే నల్లా గురించిన వాక్యాలకు ఆధారం ఉండదు. మొదటి ఖండిక తీసేస్తే ముగింపు చాలావరకు నిలబడుతుంది గానీ, “ఆ బోరు ఇప్పుడు మునుపటి కంటే లోతైనది” అన్న ముక్క ఎందుకు ఉందో తెలియదు. అంటే ఈ ముగింపు మూడు ఖండికల మీద గట్టిగానూ, ఒకదాని మీద కొద్దిగానూ ఆనుకొని ఉంది. నాలుగింటి మీదా సమానంగా ఆనుకోవాలని నేను కోరను. ముగింపు ప్రతి ఖండికకూ ఒక వాక్యం చొప్పున హాజరు వేయడం మొదలుపెడితే అది సారాంశం అవుతుంది, ఈ పరీక్షలో అదీ పాసవుతుంది. అందువల్ల తొలగింపు పరీక్ష ఒక్కదాన్నే నమ్మడానికి లేదు. ఖండికల జాబితా లాంటి సారాంశానికీ, వాటిని ముడిపెట్టి చెప్పే సంశ్లేషణకూ తేడా తెలియాలంటే వాక్యాల క్రమం మార్చి చూడాలి. జాబితాలో రెండో వాక్యాన్ని నాలుగోది చేసినా నష్టం లేదు. ఆమె మూడో ముగింపులో మూడో వాక్యాన్ని మొదటికి తెస్తే అర్థం చెడిపోతుంది, ఎందుకంటే అది ముందున్న రెండు వాక్యాల నుంచి తేలిన మాట.

ఒక లోటు మిగిలింది. నల్లా ఆగిన రోజుల లెక్కే ముఖ్యం అన్న తీర్పుకు నాలుగో ఖండికలో ఉన్న ఆధారం, పైపు పగిలితే ఊరు బోరుకు పోతుంది అన్న రెండు వాక్యాలే. అంత పెద్ద తీర్పుకు అది కొంచెం పల్చన. సంశ్లేషణ చేయబోయి ఆధారాన్ని మించి పోవడం బాగా రాసే అభ్యర్థుల్లోనే ఎక్కువగా చూస్తాను, పునరుక్తి రాసేవారికి ఈ ప్రమాదమే ఉండదు. పైగా ఆ ఇంట్లో అన్నం వండే నీరు ఏది, చేనుకు బోరు నీరు పెడితే పంటలోకి ఎంత వస్తుంది అన్న విషయాన్ని వ్యాసం ముట్టుకోలేదు కాబట్టి, తాగునీటి వరకే ఈ తీర్పు వర్తిస్తుందని ఒక్క మాట అనవలసింది. ఇవి చూసుకొని 6కు 5 వేశాను. మాస్టారు కూడా 5 వేశారు, ఈసారి మాట్లాడుకోకుండానే.

ఈ కొలత అన్ని రాతలకూ పనికిరాదు. జనరల్ స్టడీస్ పేపర్లలో రాసే చిన్న జవాబుకు ముగింపు ఒకటి రెండు వాక్యాలే, అక్కడ సారాంశం చాలు. ఫణిగిరి లాంటి బౌద్ధ స్థలాల గురించి వర్ణించమని అడిగిన అంశంలో వాదన ఉండదు కాబట్టి, తొలగింపు పరీక్ష పెడితే మంచి ముగింపు కూడా ఫెయిలవుతుంది. అంశంలో ఎందుకు, ఏమిటి నేర్పింది, ఎంతవరకు అన్న ప్రశ్న దాగి ఉన్నప్పుడే నేను దీన్ని వాడతాను.

తర్వాతి మాక్ టెస్టులో ఆమె మూడు వ్యాసాలూ రాసింది. మొదటి రెండింటి మార్జిన్లలో చెరిపిన పెన్సిలు గీతలు కనబడ్డాయి, ముగింపులు నడిమి భాగం నుంచే వచ్చాయి. మూడోది మొదలుపెట్టేసరికి ఆమెకు మిగిలింది 38 నిమిషాలు. దాని మార్జిన్ శుభ్రంగా ఉంది, చివరి పేరా “ఏది ఏమైనప్పటికీ” అని మొదలైంది. జంటలు కలిపి చూస్తే నాలుగు వాక్యాలకు నాలుగు గీతలు పడ్డాయి. మళ్లీ 1.5 వేసి, వచ్చే ఆదివారం మూడో విభాగం వ్యాసాన్ని ముందుగా రాయమని కాగితం మీద రాసి పంపాను.